క్రోన్స్ తిరగబెట్టిన 19 ఏళ్ల యువకుడి పోషణ స్థితిని అంచనా వేయడం ఎలా?

గ్యాస్ట్రో వార్డులో కొత్తగా చేరిన డైటీషియన్లను, జూనియర్ డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పేగు జబ్బు తిరగబెట్టి చేరిన యువకుడి మంచం దగ్గరికి వెళ్లగానే మనలో చాలామంది చేసే మొదటి పని రక్తపరీక్షల కాగితం తిప్పడం. ఆ పని చివరికి ఉంచండి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఆ కాగితంలోని అంకెల్లో సగం పోషణ గురించి కాక జబ్బు గురించి చెబుతాయి. ఏ అంకె దేని గురించి చెబుతోందో విడదీయడమే మన అసలు పని.

ఒక కేసును పట్టుకుని నడుద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, వార్డులో తరచూ కనిపించే రూపాన్ని కూర్చి చెబుతున్నాను. అబ్బాయికి 19 ఏళ్లు. మూడేళ్ల క్రితం చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ జబ్బు ఉందని తేలింది. అప్పటి నుంచి అజాథయోప్రిన్ వాడుతున్నాడు, మధ్యమధ్యలో స్టెరాయిడ్లు. ఇప్పుడు నెల రోజులుగా రోజుకు ఏడెనిమిది విరేచనాలు, కుడివైపు పొత్తికడుపులో నొప్పి, సాయంత్రం జ్వరం. క్షయ లేదని వైద్యులు ముందే నిర్ధారించుకున్నారు. మన దేశంలో ఈ అడుగు దాటవేయకూడదు. పేగు క్షయ కూడా అదే చోట, అవే లక్షణాలతో వస్తుంది, మనిషిని అలాగే చిక్కిస్తుంది.

ముందు తూకం, ఆ తరువాత పాదాలు

చేరిన రోజున బరువు 42 కిలోలు. మూడో రోజు కేసు షీటులో 44.5 అని ఉంది, పక్కనే "బరువు మెరుగైంది" అని రాసి ఉంది. రెండు రోజుల్లో రెండున్నర కిలోల కండ ఎవరికీ పెరగదు. అది ఎక్కించిన సెలైన్. మడమ పైన, కాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. సొట్ట నిలిచి ఉంటే నీరు చేరినట్టే. ఒక లీటరు నీరు ఒక కిలో. మరోవైపు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి వచ్చిన మొదటి రోజు బరువు అసలు కంటే కాస్త తక్కువ చూపవచ్చు. కాబట్టి ఏ బరువును లెక్కకు తీసుకున్నారో, ఆ రోజు నీరు ఉందో లేదో పక్కనే రాయండి. ఈ అబ్బాయి విషయంలో నేను 42నే తీసుకుంటాను. మొదటి రోజు నాలుక తడిగానే ఉంది, కాళ్లలో నీరు లేదు.

బరువు అంకె ఒక్కటే సరిపోదు, అది ఎక్కడి నుంచి దిగిందో కావాలి. "ఎంత తగ్గావు?" అని అడిగితే సరైన జవాబు రాదు. పాత ఓపీ చీటీలు అడగండి, బెల్టుకు కొత్తగా ఎన్ని రంధ్రాలు పెట్టించాడో అడగండి. ఇతని చీటీలో ఆరు నెలల కిందట 49 కిలోలు ఉంది. తగ్గినది 7 కిలోలు, అంటే 14 శాతం పైగా. ఎత్తు 158 సెంటీమీటర్లు కాబట్టి బీఎంఐ 16.8.

ప్రపంచమంతటా ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న గ్లిమ్ ప్రమాణాల ప్రకారం పోషకాహార లోపం అని తేల్చడానికి రెండు వైపుల నుంచి ఒక్కొక్కటి కావాలి. శరీరం వైపు నుంచి బరువు తగ్గడం, బీఎంఐ తక్కువగా ఉండటం, కండ తరగడం, వీటిలో ఒకటి. కారణం వైపు నుంచి తిండి తగ్గడం లేదా ఒంటపట్టకపోవడం, లేదంటే ఇన్‌ఫ్లమేషన్. క్రోన్స్ తిరగబెట్టిన మనిషిలో రెండో వైపు ఎలాగూ ఉంది. ఆరు నెలల్లో 10 శాతం దాటి తగ్గితే అది తీవ్రమైన లోపం. లెక్క ఇక్కడితో తేలిపోయింది. అయినా ఆగకండి, కండ చూడాలి.

కణతల దగ్గర గుంట, జత్రువుల కింద లోతు, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఉండే కండ, తొడ ముందు భాగం: ఈ నాలుగు చోట్ల కళ్లతో చూసి, చేత్తో పట్టి చూడండి. దండ మధ్యలో టేపుతో కొలవండి. మగవారిలో 23, ఆడవారిలో 22 సెంటీమీటర్ల కంటే తక్కువ అయితే పోషణ తగ్గినట్టు. ఇతనికి 20.5. పిడికిలి బలం కొలిచే పరికరం ఉంటే తప్పకుండా వాడండి. ఇతను 19 కిలోలు మాత్రమే నొక్కగలిగాడు. ఆసియా మగవారికి పెట్టిన కనీస హద్దు 28, అదీ వయసు మళ్లినవారి కోసం పెట్టినది. తిండి ఒంటపట్టడం మొదలైతే కండ కంటికి కనిపించక ముందే పిడికిలి బలం పెరుగుతుంది. అందుకే ఆ అంకె తరువాత బాగా పనికొస్తుంది.

ఎత్తు దగ్గర ఆగండి

పెద్దవారి వార్డులో అందరూ దాటిపోయే అడుగు ఇది. పంతొమ్మిదేళ్లు వచ్చాయి, ఎదుగుదల అయిపోయింది అనుకుంటాం. క్రోన్స్ విషయంలో ఆ ఊహ తరచూ తప్పవుతుంది.

చెప్పులు తీయించి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టించి రెండుసార్లు కొలవండి. తరువాత తల్లిదండ్రుల ఎత్తు అడగండి, వీలైతే వారినీ నిలబెట్టి కొలవండి. తండ్రి 170, తల్లి 156. అబ్బాయికైతే రెండూ కలిపి, 13 చేర్చి, సగం చేయాలి. అమ్మాయికైతే 13 తీసేసి సగం చేయాలి. ఇతనికి వచ్చేది 169.5. దానికి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. ఇతను పదకొండున్నర తక్కువ ఉన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 19 ఏళ్ల దగ్గర అట్టడుగున ఉండే 3వ శాతాంశం గీత కంటే కూడా కిందే. మన పిల్లల వైద్యుల సంఘం 2015లో తెచ్చిన భారతీయ చార్టులు 18 ఏళ్లతో ఆగిపోతాయి. అయినా చిన్నప్పటి అంకెలు వేసి చూడటానికి అవే తగినవి.

ఆ చిన్నప్పటి అంకెలు ఎక్కడ దొరుకుతాయి? బడిలో ఆరోగ్య పరీక్షల కార్డులు, ఆటల పోటీల ఫారాలు, ఏమీ లేకపోతే చెల్లెలి పక్కన నిలబడి దిగిన పాత ఫొటోలు. ఈ తల్లి బడి కార్డు తెచ్చింది. 12 ఏళ్లకు 144, 15 ఏళ్లకు 153, 17 ఏళ్లకు 157, ఇప్పుడు 158. యౌవనంలో మగపిల్లలు ఏడాదికి ఎనిమిది, పది సెంటీమీటర్లు సాగే దశ ఒకటి వస్తుంది. ఇతనికి 12 నుంచి 15 మధ్య ఏడాదికి మూడే. జబ్బు పేరు బయటపడింది 16 ఏళ్లకు. ఎదుగుదల మాత్రం అంతకు మూడు నాలుగేళ్ల ముందే మందగించింది. క్రోన్స్‌లో ఇది అరుదు కాదు. విరేచనాలు, నొప్పి రాకముందే కొందరిలో ఎత్తు ఆగిపోతుంది. పేగు వాపు నుంచి రక్తంలోకి వెళ్లే రసాయనాలు కాలేయాన్ని గ్రోత్ హార్మోను మాట విననివ్వవు. తిండి తక్కువ కావడం, పదేపదే వాడిన స్టెరాయిడ్లు దానికి తోడవుతాయి.

ఇప్పుడు యౌవన దశ గురించి అడగాలి. తెర వేసి, తల్లిదండ్రులను బయటకు పంపి అడగండి. గొంతు ఎప్పుడు మారింది, గడ్డం గీస్తున్నాడా? అమ్మాయి అయితే మొదటి నెలసరి ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు సక్రమంగా వస్తోందా? పరీక్ష డాక్టరు చేస్తారు. ఇతనికి గొంతు గత ఏడాదే మారింది. గడ్డం లేదు. వృషణాల పరిమాణం పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడి స్థాయిలో ఉంది. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీయించమని అడిగాను. ఎముకల వయసు సుమారు 15 అని వచ్చింది. ఎదుగుదల పలకలు ఇంకా మూసుకోలేదు.

ఒక్క ఎక్స్‌రేతో చికిత్స దారే మారవచ్చు. ఎముకలకు ఇంకా సాగే వీలుంది, కానీ ఆ గడువు ఎక్కువ కాలం ఉండదు. కాబట్టి స్టెరాయిడ్లను సాగదీయకుండా, వాపును త్వరగా, పూర్తిగా అణచే మందు గురించి గ్యాస్ట్రో వైద్యులతో మాట్లాడాలి. పిల్లల్లో క్రోన్స్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇంకేమీ ఇవ్వకుండా పోషక ద్రవాలే ఇచ్చే పద్ధతి ఉంది. పెద్దవారిలో దానికి అంత బలమైన ఆధారం లేదు. కానీ ఈ అబ్బాయి ఎముకల లెక్కలో పెద్దవాడు కాదు. ఆ మాట రౌండ్స్‌లో మీరు ఎత్తండి. ఎండోక్రైన్ వైద్యుల సలహా కూడా అడగండి.

ఏం తింటున్నాడు, ఎందుకు మానేశాడు

నిన్న లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం తిన్నాడో వరుసగా చెప్పించుకోండి. గిన్నె, గ్లాసు చూపించి అడగండి. ఇతనిది: పొద్దున చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మెత్తగా ఉడికిన ఒక కప్పు అన్నం పల్చటి మజ్జిగతో, సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రాత్రి ఒక గిన్నె రవ్వ జావ. మొత్తం సుమారు 550 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను. మూడు వారాలుగా ఇంతే.

జబ్బు తిరగబెట్టినప్పుడు శక్తి అవసరం అందరూ అనుకున్నంతగా పెరగదు. కిలోకు 30 నుంచి 35 కేలరీలే, ఇతనికి 1260 నుంచి 1470. పెరిగేది ప్రొటీను అవసరం: కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 నుంచి 63 గ్రాములు. అంటే శక్తి అవసరంలో సగం కూడా అందడం లేదు, ప్రొటీను నాలుగో వంతు. ఎదుగుదల అందుకోవాలంటే తరువాత ఈ లెక్క ఇంకా పెంచాలి.

ఇంత తక్కువ ఎందుకు తింటున్నాడు? తల్లిని అడిగితే, "పేగులో పుండు అన్నారు కదా మేడం, అందుకే పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ మాన్పించాను. పత్యం గట్టిగానే చేయిస్తున్నాను" అంది. మన ఇళ్లలో పత్యం అంటే ప్రేమే. ఆమెను తప్పుపడితే రేపటి నుంచి మీకు నిజం చెప్పదు. అబ్బాయిని విడిగా అడిగితే ఇంకో కారణం చెప్పాడు: తిన్న అరగంటకు నొప్పి వస్తుంది, కాలేజీ బస్సులో మరుగుదొడ్డి ఉండదు, అందుకే తినడు. ఈ రెండు భయాలు వేరువేరు, రెండూ రాయండి. తిన్న తరువాత కడుపు ఉబ్బి, గుడగుడమని, వాంతితో తగ్గే నొప్పి అయితే పేగు ఇరుకైందేమో చూడాలి. అదే నిజమైతే పీచు తగ్గించమనడానికి సరైన కారణం ఉంటుంది. ఇతని స్కానులో ఇరుకు లేదు. పప్పు కట్టు, గుడ్డు, పెరుగు తిరిగి మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.

ఇప్పుడు రక్తపరీక్షలు

కాగితంలో మొదట సీఆర్‌పీ చూడండి. లీటరుకు 62 మిల్లీగ్రాములు. మిగతా అంకెలన్నీ దీన్ని పక్కన పెట్టుకునే చదవాలి.

ఆల్బుమిన్ 2.6. దీన్ని పోషణకు కొలమానంగా వాడకండి. ఇన్‌ఫ్లమేషన్‌లో రక్తనాళాల నుంచి ఆల్బుమిన్ బయటికి జారుతుంది, పుండ్లు పడిన పేగు గుండా కారిపోతుంది, కాలేయం దాన్ని తక్కువగా తయారు చేస్తుంది. "ఆల్బుమిన్ తగ్గింది, రోజుకు ఆరు తెల్లసొనలు పెట్టండి" అన్న సలహా మన దగ్గర విరివిగా వినిపిస్తుంది. గుడ్లు మంచివే, కానీ వాపు తగ్గనంత కాలం ఎన్ని పెట్టినా ఆ అంకె లేవదు. ఆ నిరాశతో తల్లి గుడ్లే మానేస్తుంది. ఆల్బుమిన్ తక్కువ అంటే జబ్బు ఉద్ధృతంగా ఉందని అర్థం చేసుకోండి, అంతే.

ఇనుము విషయం జాగ్రత్తగా చదవాలి. హిమోగ్లోబిన్ 9.4, ఎర్రకణాల పరిమాణం 74, ఫెరిటిన్ 68. ల్యాబు కాగితం మీద ఫెరిటిన్ మామూలుగానే ఉన్నట్టు అచ్చయి ఉంటుంది. కానీ ఫెరిటిన్ ఇన్‌ఫ్లమేషన్‌తో పైకి లేస్తుంది. ఆరోగ్యవంతుడిలో 30 కంటే తక్కువైతే లోపం. వాపు ఉన్నవాడిలో 100 దాకా లోపం ఉండవచ్చు. సందేహం తీరాలంటే ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్త శాతం చూడండి. ఇతనికి 9 శాతం. 20 కంటే చాలా కింద. లోపం నిజమే. హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ, పేగులో వాపు ఉంది కాబట్టి మాత్రలు సరిగా ఒంటపట్టవు, కడుపునూ ఇబ్బంది పెడతాయి. నరం ద్వారానే ఇవ్వాలి. హిమోగ్లోబిన్ 7 నుంచి 10 మధ్య ఉండి 70 కిలోల లోపు ఉన్నవారికి యూరప్ మార్గదర్శకాలు మొత్తం 1500 మిల్లీగ్రాములు సూచిస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకేసారి పెద్ద మోతాదుగా ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ కొందరిలో మూత్రం గుండా ఫాస్ఫరస్‌ను పోగొడుతుంది. ఇతని ఫాస్ఫరస్ అప్పటికే 2.4, హద్దు కంటే కాస్త కింద. పైగా తిండి పెంచబోతున్నాం, అప్పుడు అది ఇంకా పడిపోతుంది. అందుకే ఐరన్ సుక్రోజ్ విడతలుగా ఇవ్వవచ్చేమో అడిగాను, వైద్యులు ఒప్పుకున్నారు.

బీ12 180 పికోగ్రాములు, తక్కువే. ఈ విటమిన్ ఒంటపట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే, ఇతని జబ్బు ఉన్నది సరిగ్గా అక్కడే. బీ12 లోపంలో ఎర్రకణాలు పెద్దవవుతాయని చదువుకున్నాం. ఇనుము లోపం వాటిని చిన్నవి చేస్తుంది. రెండూ కలిస్తే ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. అజాథయోప్రిన్ కూడా కణాలను పెద్దవి చేస్తుంది. కాబట్టి ఎర్రకణాల పరిమాణాన్ని చూసి బీ12 ఉందనో లేదనో నిర్ణయించకండి, నేరుగా కొలవండి. పాదాల్లో తిమ్మిరి, మంట ఉన్నాయా అని అడగండి. ఇతనికి ఇంజెక్షన్లే సరైనవి.

జింకు 52 మైక్రోగ్రాములు. సీఆర్‌పీ 20 దాటితే జింకు అంకెను నమ్మలేం. వాపు వల్లే అది రక్తం నుంచి కాలేయంలోకి తప్పుకుంటుంది. కానీ రోజుకు ఎనిమిది విరేచనాలతో జింకు నిజంగానే పోతుంది. ఒంటి మీద గుర్తులు చూడండి: నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ పుండు పొరలు, జుట్టు రాలడం, రుచి తెలియకపోవడం. ఇతనికి రుచి తెలియడం లేదు, పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. విరేచనాలు తగ్గే దాకా కొన్ని వారాలు ఇచ్చి ఆపడం సబబు. నెలల తరబడి ఇస్తే రాగి లోపం వస్తుంది. విటమిన్ డీ 11 నానోగ్రాములు. వాపు దీన్నీ కొంత తగ్గిస్తుంది, కానీ 20కి ఇంత దిగువన ఉండి, స్టెరాయిడ్లు వాడుతూ, ఎముకలు ఇంకా ఎదుగుతున్న వాడికి ఇవ్వడానికి వెనకాడనక్కర్లేదు.

తిండి పెంచే ముందు చివరి తనిఖీ

చిక్కి ఉన్న మనిషికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ లేచి ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల లోపలికి వెళ్లిపోతాయి. రక్తంలో అవి పడిపోయి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ లెక్క ప్రకారం బీఎంఐ 18.5 కంటే తక్కువ, బరువు 10 శాతం పైగా తగ్గడం కలిస్తే చాలు, ప్రమాదం ఎక్కువ ఉన్నట్టే. ఇతనికి రెండూ ఉన్నాయి. దానికి తోడు పొటాషియం 3.3, మెగ్నీషియం 1.5.

కాబట్టి మొదట థయమిన్, రోజుకు కనీసం 100 మిల్లీగ్రాములు, తిండి పెంచక ముందే. లవణాలు సరిదిద్దడం వెంటనే మొదలవ్వాలి. ఆహారం కిలోకు 10 నుంచి 15 కేలరీలతో, అంటే ఇప్పుడు తింటున్న 550 చుట్టూనే ఆరంభించి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో లక్ష్యానికి చేర్చాలి. మొదటి నుంచే ప్రొటీను వాటా పెంచండి. మొదటి నాలుగు రోజులు ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూడాలి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఫాస్ఫరస్ జారడం, కాళ్లలో కొత్తగా నీరు, నాడి వేగం, ఆయాసం, తికమక కనిపిస్తే పెంచడం ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి.

కేసు షీటులో రాయాల్సింది

"తీవ్రమైన పోషకాహార లోపం, జబ్బు వల్ల, తిండి భయం వల్ల. ఎదుగుదల, యౌవనం ఆలస్యం. ఎముకల వయసు 15. ఇనుము, బీ12, విటమిన్ డీ లోపం ఉంది. జింకు లోపం ఉన్నట్టు గుర్తులున్నాయి, అంకె నమ్మదగినది కాదు. ఆల్బుమిన్ జబ్బు తీవ్రతను చూపుతోంది. రీఫీడింగ్ ప్రమాదం ఎక్కువ." ఇలా రాస్తే రాత్రి డ్యూటీలో వచ్చే డాక్టరుకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది.

బరువు వారానికి రెండుసార్లు, ఉదయం, మూత్రవిసర్జన తరువాత, అదే తూకం మీద. పిడికిలి బలం రెండు వారాలకు ఒకసారి. జింకు, విటమిన్ డీ మళ్లీ చూడటం సీఆర్‌పీ దిగిన తరువాతే. ఫెరిటిన్ ఇనుము ఎక్కించిన రెండు మూడు నెలలకు, అంతకు ముందు చూస్తే ఎక్కించిన ఇనుమే కనిపిస్తుంది. స్టెరాయిడ్లు చాలాసార్లు వాడాడు కనుక ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి. దాన్ని ఎత్తుకు, ఎముకల వయసుకు సరిదిద్ది చదవమని రాయండి. లేకపోతే పొట్టిగా ఉన్నందుకే ఎముకలు బలహీనమని తప్పుగా వస్తుంది. ఎత్తు మూడు నెలలకు ఒకసారి చాలు. నెలనెలా కొలిస్తే కనిపించే తేడా కొలతలోని పొరపాటే కావచ్చు. డిశ్చార్జి కాగితం మీద 158.0 అని, తేదీతో, ఏ గోడ మీది స్కేలుతో కొలిచారో కూడా రాసి ఇవ్వండి. మూడు నెలల తరువాత అతను ఆ కాగితం పట్టుకుని ఓపీకి వచ్చినప్పుడు మళ్లీ అదే గోడకు నిలబెట్టండి.